రెప్పల అంచున పొట్టు: మందు ఆపగానే మళ్ళీ ఎందుకు వస్తోంది?

శ్రావ్య:
అందరికీ నమస్కారం. చదువు కోసం ఈ దేశానికి కొత్తగా వచ్చాను. కొంతకాలంగా ఉదయం లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉంటున్నాయి. అంచుల వెంట పొట్టు కడుతోంది. సాయంత్రానికి కళ్ళలో ఇసుక పడినట్టు మంట. ఇక్కడి డాక్టరు చూసి బ్లెఫరైటిస్, అంటే రెప్ప అంచు వాపు అన్నారు. ఎరిత్రోమైసిన్ ఆయింట్‌మెంట్ రాసి, వేడి కాపడం పెట్టుకోమని ఒక కాగితం చేతికిచ్చారు. రాసుకున్నన్నాళ్ళు బాగుంది, ఆపిన కొన్నాళ్ళకే మళ్ళీ మొదటికి వచ్చింది. కంటి నిపుణుల అపాయింట్‌మెంట్‌కు చాలా వారాలు ఆగాలి. ఇంటి నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న చుక్కల మందు ఒకటి ఉంది. అది వేస్తే ఎర్రదనం ఒక్క రోజులో పోతోంది. అప్పటిదాకా అదే వాడుకోవచ్చా? అసలు ఇది పూర్తిగా ఎందుకు పోవడం లేదు?

సుబ్బారావు:
అమ్మా శ్రావ్యా, రెప్పలు అతుక్కోవడం, ఎర్రదనం అంటే కండ్లకలకేనమ్మా. తువ్వాలు, దిండు గలీబు వేరుగా పెట్టుకో. నీతో గదిలో ఉండేవాళ్ళకు ముందే చెప్పు, అంటుకుంటుంది. వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. కంగారు పడకు.

మాధవి:
సుబ్బారావు గారూ, తువ్వాలు వేరుగా ఉంచుకోవడం మంచిదే గానీ ఇది కండ్లకలక కాదు. కండ్లకలక ఒకసారి వచ్చి పోతుంది. శ్రావ్యకు నెలల తరబడి వచ్చిపోతోంది, పైగా బాధంతా రెప్ప అంచులోనే ఉంది. తోటివాళ్ళకు అంటుకుంటుందేమోనని తను దూరం దూరంగా ఉండనక్కరలేదు.

శ్రావ్యా, నేను ఆప్టోమెట్రిస్టుని. చాలా ఏళ్ళుగా కంటి క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ముందు ఆ చుక్కల సీసా మీద ఏముందో చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటెప్రెడ్నాల్, ఈ పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. ఎర్రదనం ఒక్క రోజులో పోయిందని మీరు రాయగానే నాకు వచ్చిన అనుమానం అదే. స్టెరాయిడ్ వాపును అణచివేస్తుంది, వాపు తెచ్చిన కారణాన్ని ముట్టుకోదు. పర్యవేక్షణ లేకుండా వాడుతూ పోతే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. నొప్పి ఉండదు, చూపు మసకబారదు, కొలిస్తే తప్ప తెలియదు.

రెండోది, రేపు ఉదయం ముఖం కడుక్కోకముందే వెలుతురులో అద్దం ముందు నిలబడండి. కిందికి చూస్తూ పై రెప్ప వెంట్రుకల మొదళ్ళను ఫోనుతో దగ్గరగా ఫోటో తీయండి. పొట్టు జిడ్డుగా వెంట్రుకల మధ్య పడి ఉందా, గట్టిగా చర్మానికి అంటుకుని లాగితే పుండు పడుతోందా, లేక ఒక్కొక్క వెంట్రుక మొదలు చుట్టూ గొట్టంలా ఉందా? ఆ తేడాను బట్టే తర్వాతి మాట.

రఘు:
మాధవి గారు చివర చెప్పింది డెమోడెక్స్ గురించే అనుకుంటాను. వెంట్రుకల మొదళ్ళలో ఉండే కంటికి కనిపించని పురుగులు. మా అన్నయ్యకు అవే తేలాయి. టీ ట్రీ నూనె దూదితో అద్ది రెప్పలకు రాస్తే చచ్చిపోతాయి. చిన్న సీసా కొనుక్కో శ్రావ్యా, పని అయిపోతుంది.

మాధవి:
రఘు గారూ, పురుగు సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. నూనె సంగతి మాత్రం దయచేసి ఎవరూ పాటించకండి. పలచన చేయని టీ ట్రీ నూనె కంట్లోకి జారితే నల్లగుడ్డు మీది పొర కాలిపోతుంది. గాఢమైన ద్రావణాన్ని క్లినిక్‌లో, కంటికి మత్తు చుక్కలు వేసి, మేమే జాగ్రత్తగా రెప్ప అంచుకు రాస్తాం. ఇంట్లో వాడుకోవడానికి అందులోని టెర్పినెన్-4-ఆల్ అనే భాగాన్ని తక్కువ మోతాదులో కలిపిన రెప్పల వైప్స్ దొరుకుతాయి. అవి కూడా కొందరికి మండుతాయి.

శ్రావ్య:
సీసా మీద టోబ్రామైసిన్, డెక్సామెథసోన్ అని ఉంది. అప్పుడప్పుడూ మాత్రమే వేశాను, ఇక వేయను. ఫోటో తీశాను. కింది రెప్పల దగ్గర జిడ్డు పొట్టు ఉంది. పై రెప్పల దగ్గర మాత్రం చాలా వెంట్రుకల మొదళ్ళలో మసకగా, గాజులా మెరిసే చిన్న పట్టీ చుట్టినట్టు ఉంది. మధ్యాహ్నం వేళల్లో రెప్పల అంచు బాగా దురద పెడుతుంది. కాపడం సంగతంటే, తువ్వాలు వేడినీళ్ళలో ముంచి పిండి, ఒక నిమిషం పెట్టుకుని, అదే తువ్వాలుతో రెప్పలు రుద్దేస్తున్నాను. అది చాలదా?

మాధవి:
అప్పుడప్పుడూ మాత్రమే వేశారు కాబట్టి ఆపేయవచ్చు. వారాల తరబడి రోజూ వేస్తున్నవాళ్ళు మాత్రం హఠాత్తుగా ఆపకుండా డాక్టరును అడిగి తగ్గించుకోవాలి. నిపుణులను కలిసినప్పుడు ఈ చుక్కలు వేశానని చెప్పి కంటి ఒత్తిడి కొలిపించుకోండి.

మీరు వర్ణించిన ఆ పట్టీ డెమోడెక్స్‌కు ఆనవాలు. పురుగుల వ్యర్థాలు, గుడ్లు, రాలిన చర్మం కలిసి వెంట్రుక మొదలు చుట్టూ అలా కట్టుకుంటాయి. ఈ పురుగులు కొద్దిగా చాలామందిలో ఉంటాయి, ఏ హానీ చేయవు. ఎక్కువైనప్పుడే రెప్ప వాస్తుంది. ఎరిత్రోమైసిన్ బ్యాక్టీరియాను తగ్గిస్తుంది, పురుగును చంపదు. మీకు కొన్నాళ్ళు తెరిపి ఇచ్చి మళ్ళీ మొదలవడానికి ఒక కారణం ఇదే. పట్టీని తుడిచేసినా వెంట్రుక కుదురులో దిగి ఉన్న పురుగు అలాగే ఉంటుంది, రెండు మూడు వారాల్లో తర్వాతి తరం తయారవుతుంది.

రెండో కారణం కాపడం. వెంట్రుకల వెనుక, రెప్ప అంచులో వరుసగా మైబోమియన్ గ్రంథుల నోళ్ళు ఉంటాయి. ఆ గ్రంథుల్లోంచి వచ్చే నూనె కన్నీటిపై పలుచని పొరగా పరుచుకుని దాన్ని త్వరగా ఆరిపోనివ్వదు. మామూలుగా ఆ నూనె ద్రవంగానే ఉంటుంది. ఈ జబ్బులో టూత్‌పేస్టులా చిక్కబడి నోళ్ళకు అడ్డం పడుతుంది. అది కరగాలంటే రెప్ప సుమారు 40 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి, ఆ వేడి మీదే అయిదు నుంచి పది నిమిషాలు ఉండాలి. తడి తువ్వాలు రెండు నిమిషాలకే చల్లారిపోతుంది. అంటే మీరు నూనె కరగకముందే ఆపేసి, ఆపైన రుద్ది రెప్పను ఇంకా రేపుతున్నారు.

ఇలా చేయండి. వేడి నిలుపుకునే కంటి మాస్కు తెచ్చుకోండి. పెట్టుకునే ముందు ముంజేతి లోపలివైపు ఆనించి చూడండి, అక్కడ ఓర్చుకోలేని వేడి రెప్పకు అసలే వద్దు. మైక్రోవేవ్‌లో తడి గుడ్డ వేడిచేస్తే ఒకచోట చల్లగా, ఒకచోట కాలేలా ఉంటుంది, ఆ పద్ధతి వద్దు. మాస్కు తీయగానే, నూనె చల్లారకముందే, కళ్ళు మూసి పై రెప్పను పైనుంచి వెంట్రుకల వైపు, కింది రెప్పను కిందినుంచి వెంట్రుకల వైపు వేలితో మెల్లగా నిమరండి. కనుగుడ్డును నొక్కకూడదు. ఆ తర్వాతే శుభ్రం చేయడం. రెప్పల కోసం తయారైన వైప్‌తో వెంట్రుకల మొదళ్ళ వెంట ఒక కొస నుంచి మరో కొసకు తుడవండి. రెండో కంటికి కొత్తది తీసుకోండి. చాలామంది వెంట్రుకల చివర్లు తుడిచి ఊరుకుంటారు. మురికంతా మొదట్లో ఉంటుంది.

మొదటి నెల రోజుకు రెండుసార్లు. ఫలితం నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ కనిపించదు. నెమ్మదించాక రోజుకు ఒకసారి, అది మానకండి. మీ రెప్పల్లో నూనె చిక్కబడే స్వభావం పోలేదు కాబట్టి, కాపడం ఆపితే నోళ్ళు మళ్ళీ పూడుకుపోతాయి. ఇల్లంతా హీటరు తిరుగుతూ గాలి పొడిబారినప్పుడు, గంటల తరబడి కంప్యూటర్ చూస్తూ రెప్ప వేయడం తగ్గినప్పుడు ఇది ఇంకా త్వరగా తిరగబెడుతుంది.

పద్మజ:
నాకు పదేళ్ళుగా ఈ బాధ ఉంది, పురుగులు మాత్రం లేవు. తలలో చుండ్రు, ముఖం ఎర్రబడే రొసేషియా. రెప్పలకే వైద్యం చేసినన్నాళ్ళు ఏమీ తేలలేదు. రొసేషియాకు డాక్సీసైక్లిన్ తక్కువ మోతాదులో కొన్ని నెలలు ఇచ్చాకే కళ్ళు కుదుటపడ్డాయి. ఎండలోకి వెళ్తే చర్మం కందిపోయేది. గర్భంతో ఉన్నవాళ్ళు వాడకూడదని చెప్పారు. శ్రావ్యా, నీకు చుండ్రు గానీ బుగ్గలు ఎర్రబడటం గానీ ఉంటే దాని సంగతీ చూడు. మాధవి గారూ, వైప్స్ అంటున్నారు గానీ నేను ఇన్నేళ్ళూ పిల్లల షాంపూ నీళ్ళలో కలిపి తుడుచుకుంటున్నాను. బాగానే ఉంది. అంత ఖర్చు అవసరమా?

మాధవి:
పద్మజ గారూ, మీకు సరిపడితే మార్చమని నేను పట్టుబట్టను. చాలామంది డాక్టర్లు ఇప్పటికీ అదే చెబుతారు. షాంపూలోని నురుగు పదార్థం కన్నీటి పైనున్న నూనె పొరను చెదరగొట్టి పొడితనం పెంచుతుందని నా అభిప్రాయం. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు చెప్పను. మాలోనే ఈ విషయంలో ఏకాభిప్రాయం లేదు.

రఘు:
మరి పురుగుకు మందే లేదా? ఎన్నాళ్ళని తుడుచుకుంటూ కూర్చోవాలి?

మాధవి:
ఉంది. లోటిలనర్ 0.25 శాతం చుక్కలకు 2023 జూలైలో అమెరికాలో అనుమతి వచ్చింది. రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు వేస్తారు. అన్ని దేశాల్లోనూ దొరకదు, దొరికినచోటా చీటీ లేకుండా ఇవ్వరు. అది పురుగును తగ్గిస్తుంది. చిక్కబడిన నూనెకు కాపడం ఎలాగూ తప్పదు. కొంతమందికి పురుగులు మళ్ళీ పెరుగుతాయి కూడా.

శ్రావ్య:
చుండ్రు ఉంది పద్మజ గారూ, రొసేషియా ఉందో లేదో తెలియదు, అడుగుతాను. మాధవి గారూ, ఈ లోపు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చా? అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా పరుగెత్తాల్సిన పరిస్థితి ఏది?

మాధవి:
కళ్ళు కుదుటపడేదాకా లెన్సులు, కంటి అలంకరణ రెండూ ఆపండి. పాత ఐలైనర్, మస్కారా పారేయండి. కన్ను నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారి రెప్ప ఆర్పినా సరికాకపోయినా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఇంకొకటి ఉంది. ఒక కంటికే పరిమితమై, ఒకేచోట వెంట్రుకలు రాలిపోతూ, అక్కడే గడ్డ మళ్ళీ మళ్ళీ వస్తుంటే దాన్ని బ్లెఫరైటిస్ అని వదిలేయకూడదు. రెప్పలో వచ్చే క్యాన్సర్ అరుదుగా ఇలాగే కనిపిస్తుంది, ముక్క తీసి పరీక్షించాలి. మీకు రెండు కళ్ళకూ సమానంగా ఉంది కాబట్టి ఇప్పుడు ఆ భయం అక్కరలేదు.

అపాయింట్‌మెంట్ రోజు ఉదయం మాత్రం రెప్పలు తుడవకండి, ఏమీ పెట్టుకోకండి. పరీక్షించేవాళ్ళు మిమ్మల్ని కిందికి చూడమన్నప్పుడు ఆ పట్టీలు కనిపించాలి. చక్కగా తుడుచుకుని వెళ్తే "ఏమీ లేదు, పొడి కళ్ళు" అని చుక్కలు రాసి పంపే అవకాశం ఉంది. మీరు తీసిన ఫోటో కూడా చూపించండి.