అప్‌డేట్: రెండు మాడ్యులస్‌ల అసమీకరణం దూరాలతో తేలింది

నా ప్రశ్న: "|x − 2| + |x − 7| ≤ 9 ని మూడు కేసులుగా విడగొట్టకుండా చేయొచ్చా?"

చేయొచ్చు. హనుమకొండలో మా ట్యూషన్ అన్న చూపించిన దారి ఇది. |x − 2| అంటే సంఖ్యారేఖ మీద x కి, 2 కి మధ్య దూరం. కాజీపేట, వరంగల్ స్టేషన్ల మధ్య పట్టాల మీద ఎక్కడున్నా, రెండు స్టేషన్లకూ ఉన్న దూరాల మొత్తం మారదు కదా. అలాగే 2, 7 మధ్య x ఎక్కడున్నా మొత్తం 5. బయటికి ఒక యూనిట్ జరిగితే రెండు దూరాలూ పెరుగుతాయి కాబట్టి మొత్తం 2 పెరుగుతుంది. మనకు 9 దాకా వీలుంది, అంటే 4 మిగులు. అందుకే రెండు వైపులా 2 యూనిట్ల చొప్పున బయటికి వెళ్లొచ్చు: 0 ≤ x ≤ 9. చివర్లు వేసి చూశాను. 0 దగ్గర 2 + 7, 9 దగ్గర 7 + 2.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. కుడివైపు 4 ఉంటే లెక్కే అక్కర్లేదు; మొత్తం 5 కంటే తగ్గదు కాబట్టి సాధన లేదు. సరిగ్గా 5 ఉంటే 2 నుంచి 7 దాకా అంతా సాధనే.

2|x − 2| + |x − 7| ≤ 9 లాంటి వాటిలో మాత్రం మిగులును సగం చేయడం కుదరదు, మధ్యలో కూడా మొత్తం మారుతూ ఉంటుంది. దాని జవాబు 2/3 నుంచి 6 దాకా. అక్కడ కేసులే వేస్తున్నాను.