అప్‌డేట్: హెచ్‌పీఎల్‌సీలో ఆరు ఇంజెక్షన్ల పీక్ ఏరియా కలవకపోవడానికి కారణం వయల్ మూత

నా ప్రశ్న: "స్టాండర్డ్ ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తే ఏరియా ఆర్‌ఎస్‌డి 3.1 శాతం వస్తోంది, లిమిట్ 2.0. టెయిలింగ్, రిజల్యూషన్ బాగున్నాయి. కాలమ్ మార్చాలా?"

అక్కర్లేదండి. పైడిభీమవరంలోని మా ల్యాబ్‌లో నిన్న తేలిపోయింది, అందరికీ థ్యాంక్స్. రిటెన్షన్ టైమ్ కదలకుండా ఏరియా ఒక్కటే మారితే ఇంజెక్షన్ వైపు చూడమన్న సలహాయే పనిచేసింది. అంకెలు వరుసగా చూస్తే ఏరియా ప్రతిసారీ కొంచెం తగ్గుతోంది, కొత్త వయల్ పెట్టగానే మళ్ళీ పెరుగుతోంది. వయల్‌ని మెడదాకా నింపి మూత గట్టిగా బిగిస్తున్నాం. సూది 20 మైక్రోలీటర్లు లాగినప్పుడల్లా లోపలికి గాలి వెళ్ళక వాక్యూమ్ ఏర్పడి, ద్రావణం తక్కువ వస్తోంది. మూడింట రెండు వంతులే నింపి, ముందే గాటు ఉన్న సెప్టమ్ పెడితే 0.4 శాతానికి దిగింది. మొబైల్ ఫేజ్ మళ్ళీ తయారుచేయడం వల్ల ఏమీ మారలేదు. ఫెయిలైన రన్‌ని కూడా కారణంతో సహా లాగ్‌బుక్‌లో రాశాకే శాంపిల్స్ ఎక్కించాం.