సమస్యాపూరణం: గోడమీద పొద్దు గూకె, పొడిచె

కలంపోటు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా.

*గోడమీద పొద్దు గూకె, పొడిచె*

షరతు ఒక్కటే. ఒక అవ్వ, గోడకి రెండు గడియారాలు, రెండోది దూరాన ఉన్న కూతురి ఊరి టైముకి. మొదటి మూడు పాదాల్లో ఈ కథ కనపడాలి, అన్వయం కుదరాలి, "ఇది దేవుడి లీల" అని తప్పించుకోకూడదు.

చిన్నోడు: ఇదిగో నాది.

*ఇచట నారు గంట లచ్చోట నారయ్యె,*
*జంట ముళ్ళు నేడు జతగ నిలిచె;*
*చూపు తిప్పి తిప్పి చూచుచు నుండంగ*
*గోడమీద పొద్దు గూకె, పొడిచె.*

పాతపెన్ను: గణాలన్నీ సరిపోయాయి తమ్ముడూ, కానీ మొదటి పాదంలో యతి పోయింది. "ఇచట"లో ఇ, నాలుగో గణం "లచ్చోట"లో అ. ఈ రెంటికీ మైత్రి లేదు. మిగతా పాదాల్లో జ-జ, చూ-చూ బాగా పడ్డాయి.

చిన్నోడు: అయితే "అవ్వ కారు గంట లచ్చోట నారయ్యె" అంటే? అ-అ కుదిరింది కదా.

నిద్రలేమి: అవ్వకి కారెక్కడిదండీ, గంట ఎందుకు కొడుతోంది 😀

పాతపెన్ను: ఛందస్సు చూస్తే తప్పు లేదు, అవ్వకు+ఆరు అలాగే అవుతుంది. కానీ చదివేవాడు మొదట కారే చూస్తాడు, ఆ తర్వాత ఏ కథ చెప్పినా వినడు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. ఇక్కడ ఆరైతే అక్కడా ఆరు అంటే సరిగ్గా పన్నెండు గంటల తేడా. మన టైము గ్రీనిచ్‌కి ఐదున్నర గంటలు ముందు, కాబట్టి కూతురుండే ఊరు ఆరున్నర గంటలు వెనక ఉండాలి, అలాంటి టైం జోన్ ఇప్పుడెక్కడా లేదు. అమెరికాలో చూస్తే పదకొండున్నరో పన్నెండున్నరో వస్తుంది గానీ పన్నెండు రాదు.

చిన్నోడు: కవిత్వంలో అరగంట కూడా లెక్కేస్తారా మాస్టారూ! అయినా అవ్వ మన దేశంలోనే ఉందని సమస్యలో ఎక్కడుంది?

పాతపెన్ను: అదీ నిజమే. కానీ మన దేశమే అనుకుంటే ఆ అరగంటే నీకు పనికొచ్చేది. ఒక గడియారంలో పెద్దముల్లు పన్నెండు మీదుంటే రెండోదాంట్లో ఆరు మీదుంటుంది, ఎప్పుడు చూసినా ఎదురుబొదురే. జతగా నిలిచాయనడం కంటే అదే కథకి దగ్గర.

అరుగుమీద: మా అమ్మ కూడా రెండు గడియారాలు పెట్టుకుంది. మార్చిలో చెల్లి వాళ్ళూళ్ళో గంట ముందుకి జరిపారు, అమ్మ ముల్లు ముట్టుకోనివ్వలేదు. చెల్లి ఫోను ఆమె లెక్కకి గంట ముందే వస్తుంటే "పాపం పిల్లకి నిద్ర తగ్గింది" అంది. నవంబరులో మళ్ళీ వెనక్కి జరిపాక "ఇప్పుడు కుదుటపడింది" అంది. దీన్ని పద్యంలో పెట్టగలరా ఎవరైనా?

కలంపోటు: మూడు పాదాల్లో పట్టదండీ, సీసం కావాలి 😀

నిద్రలేమి: నా వంతు.

*అవ్వ దీప మార్పె, నమ్మాయి లేచెను,*
*ముసలి కళ్ళు రెండు ముళ్ళ నంటె;*
*వేల మైళ్ళ కవల వేకువై, యిట రేయి*
*గోడమీద పొద్దు గూకె, పొడిచె.*

పాతపెన్ను: ఇది పూరణ. గోడ గడియారం ముఖం చూస్తే ఆరన్నది పొద్దుటిదో సాయంత్రానిదో తెలీదు, అది చెప్పాల్సింది పద్యమే, మీరు దీపంతో చెప్పారు. కానీ దీపం ఆర్పేది పడుకునేముందు కదమ్మా. అప్పటికి పొద్దు గూకి రెండు మూడు గంటలై ఉంటుంది. సమస్యలో "గూకె" అన్నాక ఆర్పడం కుదరదు, వెలిగించాలి. "అవ్వ దివ్వె పెట్టె, నమ్మాయి లేచెను" అంటే గణం, యతి రెండూ నిలుస్తాయి.

మూడో పాదంలో వేకువ ముందొచ్చి రేయి తర్వాతొచ్చింది, సమస్యలో గూకడం ముందు. వరస తిరగబడింది.

నిద్రలేమి: దీపం సంగతి ఒప్పుకున్నా. మూడో పాదం ఇలా మారిస్తే?

*వీధి చీకటయ్యె, వేకువ యచ్చోట,*

పాతపెన్ను: వీ-వే, బాగుంది. "వేల మైళ్ళు" కూడా పోయింది, మంచిదే, అది అందరూ రాసే మాట.

చిన్నోడు: మరి రెండు గడియారాలకి ముళ్ళు నాలుగు కదా, "రెండు ముళ్ళ" ఏంటి? నా అరగంట పట్టుకున్నారు, ఇక్కడ వదిలేశారు!

నిద్రలేమి: రెండు కళ్ళు అని చదువుకో తమ్ముడూ. ముళ్ళు ఎన్నో నేను చెప్పలేదు.

పాతపెన్ను: "కళ్ళు రెండు" దగ్గర ఆగితే సరే. ఆగకుండా చదివితే చిన్నోడిదే రైటు. విరామ చిహ్నంతో పద్యాన్ని కాపాడటం నాకైతే నచ్చదు.

అరుగుమీద: నాకు నాలుగు ముళ్ళూ వద్దు. ఫోను ఎక్కడ మోగింది? అమ్మాయి లేచిందని అవ్వకెలా తెలిసింది?

కలంపోటు: తెలీదు, అనుకుంది, గడియారం పెట్టుకున్నదే అందుకు అని నా ఉద్దేశం. నిద్రలేమి గారి రెండో రూపాన్నే ఈసారికి తీసుకుంటున్నా. ముళ్ళ లెక్క మీద ఇంకా ఎవరైనా వాదిస్తానంటే పద్యంలోనే రండి, వచనం ఒప్పుకోను.