కల్పిత ఊళ్ల పేర్లు అరగదీస్తుంటే లెక్క తప్పుతోంది, కాస్త చెప్పండి

నేను వైజాగ్‌లో ఉంటాను. సముద్రం మీద బతికే ఒక కల్పిత జాతి గురించి నవల రాస్తున్నాను. పేర్లు ఒకే భాషవి అనిపించాలని ముందే నియమం పెట్టుకున్నా: గ, డ, బ లాంటి శబ్దాలు, ఒత్తులు ఉండవు, ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది.

ఊరి పేర్లకి మన పద్ధతే తీసుకున్నా. పెదజాలారిపేట, వెంకోజీపాలెం, రుషికొండ వింటే చివరి ముక్కే అది పేటో కొండో చెప్పేస్తుంది కదా. నా భాషలో 'లును' అంటే రేవు, 'తెమ' అంటే కొండ, 'మారె' అంటే ఉప్పు, 'కోసి' అంటే కొంగ. అలా మారెలును, కోసితెమ వచ్చాయి.

కానీ ఇవి నిన్న అతికించినట్టున్నాయి. వందల ఏళ్లు జనం నోట్లో నలిగిన పేరు అరగాలి కదా, అందుకని మధ్య అచ్చు తీసేస్తే 'మార్లును' అయింది, రెండు హల్లులు పక్కపక్కన ఉండటం ఇష్టం లేక దాన్ని 'మాలును' చేశా. అదే వరసలో కోసితెమ 'కోతెమ' అయింది. ఇక్కడే చిక్కొచ్చింది: 'కోరె' అంటే పడవ, కోరెతెమ అనే ఇంకో ఊరు కూడా 'కోతెమ' అయిపోతోంది!

ఒకదాన్ని కొత్త ఊరని అరగకుండా వదిలేయాలా, లేక 'పెద', 'చిన' లాంటిది ముందు తగిలించాలా? మనుషుల పేర్లు కూడా ఇలాగే అరగాలా? ఇలాంటివి చేసినవాళ్లు మీ పేర్లతో ఉదాహరణ ఇచ్చి చెప్పండి, ప్లీజ్.