‘బైసికిల్ థీవ్స్’ తర్వాత నాన్నకు ఏ సినిమా చూపించాలి?

యుద్ధం తర్వాతి ఇటాలియన్ వాస్తవిక సినిమాలు నాన్నకు చూపిద్దామని ‘లా తెర్రా ట్రెమా’ (1948)తో మొదలుపెట్టాను. నటులంతా సిసిలీలోని ఆచి ట్రెజ్జా ఊరివాళ్లే, కానీ రెండున్నర గంటలు దాటిన నిడివి. నలభై నిమిషాలకే నాన్న లేచి వెళ్లిపోయారు. తర్వాత బెర్లిన్ శిథిలాల్లో తీసిన ‘జర్మనీ ఇయర్ జీరో’ పెట్టాను. చివర్లో ఆ పిల్లాడికి జరిగింది చూసి ఆ రాత్రి ఆయన సరిగా నిద్రపోలేదు.

‘బైసికిల్ థీవ్స్’ మాత్రం కదలకుండా చూశారు. తండ్రి వేషం వేసింది నిజంగా ఒక ఫ్యాక్టరీ కార్మికుడని చెబితే నమ్మలేదు! హోటల్లో కొడుకు బ్రూనో జున్ను సాగదీసి తింటూ పక్క టేబుల్ పిల్లాడిని చూసే చోట వెనక్కి తిప్పించుకుని మరీ చూశారు.

గంటన్నర దాటకూడదు, పిల్లలు చనిపోకూడదు. ‘ఉంబెర్తో డి’ (1952), ‘షూషైన్’ (1946), ఈ రెండింటిలో ముందు ఏది చూపించమంటారు?