అప్‌డేట్: ఛాతీ పట్టీ, వాచీ మధ్య లింకు తెగడం ఆగింది

నా ప్రశ్న: "సైకిల్ తొక్కుతుండగా వాచీలో గుండె వేగం అంకె పోయి గీతలు వస్తున్నాయి. పట్టీలో బ్యాటరీ కొత్తదే. కారణం ఏమై ఉంటుంది?"

కారణం నా ఫోనే! నా పట్టీ ఒకసారికి ఒక్క బ్లూటూత్ లింకునే ఒప్పుకుంటుంది. ఎప్పుడో ఫోన్‌లోని వ్యాయామం యాప్‌తో జత చేసి మరచిపోయాను. దారిలో వాచీతో లింకు క్షణం తెగితే చాలు, జేబులోని ఫోన్ ఆ చోటు పట్టేసేది. ఇక వాచీ ఎంత వెతికినా పట్టీ దొరికేది కాదు. యాప్‌లోనూ ఫోన్ బ్లూటూత్ జాబితాలోనూ పట్టీని తొలగించాను. తర్వాత దాన్ని ఒంటికి కట్టుకుని (ఒంటిమీద ఉంటేనే అది మేల్కొంటుంది) వాచీలోని సెన్సార్ల మెనూ నుంచే జత చేశాను.

నిన్న గంటన్నర తొక్కితే ఒక్కసారీ గీతలు రాలేదు. అయితే మొదటి ఐదు నిమిషాలు చదును రోడ్డు మీద, ఆయాసమే లేకుండా 180 చూపించింది. గీతలు వస్తే లింకు పోయినట్లు. అంకె ఉండి తప్పుగా ఉంటే పట్టీ చర్మానికి సరిగా అంటనట్లు. ఈ ఉదయం పట్టీ లోపలి రెండు నల్లటి మెత్తలను నీళ్లతో బాగా తడిపి, ఒక మడత బిగించాను. మొదటి నిమిషం నుంచే 95 దగ్గర నిలకడగా మొదలైంది. ఫోన్ సంగతి గుర్తుచేసినవారికి మనఃపూర్వక కృతజ్ఞతలు.