ప్రీ వెడ్డింగ్ ఫొటో: కుట్టించకముందే ఇద్దరి బట్టల రంగులు ఒకే ఫొటోలో చూసుకునేదెట్ల?

కాజీపేట కుర్రాడు:
అన్నలూ, అక్కలూ, జెర సలహా కావాలె. ఖిలా వరంగల్ తోరణాల దగ్గర సాయంత్రం పూట షూట్ అనుకుంటున్నం. ఆమె లెహంగా కిరాయికి, నా కుర్తా కుట్టించుకునుడు. ఆమెకు పీచ్ రంగు నచ్చింది, నన్ను గూడ అదే ఏసుకోమంటున్నది. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఇద్దరి రంగులు ఆ రాళ్ల ముందట ఎట్ల కనిపిస్తయో ఒక ఫొటోలో చూసుకునే దారి ఉన్నదా? లాప్‌టాప్ ఉంది, ఫొటోషాప్ లేదు.

నెట్ సెంటర్ తమ్ముడు:
సింపుల్ అన్నా. ఇద్దరిదీ ఏదన్న పాత ఫొటో తీస్కొని Hue స్లయిడర్ జరుపు. బట్టల రంగు అదే మారుతది. ఐదు నిమిషాల పని.

కెమెరా బాబాయ్:
తమ్ముడు చెప్పింది సగమే నిజం. ఆ స్లయిడర్ రంగును తిప్పుతది గానీ, ఆ రంగు ఎంత లేతగా, ఎంత ముదురుగా ఉండాల్నో దాని చేతిలో లేదు. పాత ఫొటోల నేవీ బ్లూ చొక్కా ఉంటే దాన్ని ఎంత తిప్పినా గంధం రంగు రాదు, ముదురు గోధుమ దగ్గర్నే ఆగుతది. తెల్ల చొక్కా అయితే అసలు కదలనే కదలదు, తిప్పడానికి అందులో రంగే లేదు కాబట్టి.

తెల్ల బట్ట మీద వేరే పద్ధతి బాగా పనిచేస్తది. షూట్ అనుకున్న టైముకే ఒకసారి ఖిలాకు పోయి, ఇద్దరూ తెల్లవి ఏసుకొని నిలబడండ్రి. నీకు తెల్ల కుర్తా, ఆమెకు నిండా ఉండే తెల్ల లంగా గానీ చీర గానీ. లంగా లేకపోతే నడుముకు తెల్ల దుప్పటి చుట్టినా నడుస్తది, రంగు ఎంత జాగా తీసుకుంటదో తెలియడమే ముఖ్యం. ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ల బట్ట మీద నొక్కి వెలుతురు కొంచెం తగ్గించు. తెలుపు మండిపోతే మడతలు పోతయి. అప్పుడు పైన ఏ రంగు ఏసినా అట్ట ముక్క అతికించినట్టే ఉంటది.

తర్వాత బ్రౌజర్‌ల Photopea తెరువు, పైసలు అక్కర లేదు. Quick Selection తోటి లెహంగా జాగా ఎంచుకో, చేతులు, జడ పడకుండా చూడు. Layer మెనూల New Fill Layer, అందులో Color Fill. ఆ లేయర్ మోడ్‌ను Multiply చెయ్యి. అంతే, తెలుపు ఉన్నకాడ నువ్వు ఏసిన రంగు, మడతల నీడ ఉన్నకాడ అదే రంగు ముదురుగా వస్తది. కుర్తాకు ఇంకో లేయర్, ఓణీకి ఇంకోటి. లేయర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే రంగు మార్చుకోవచ్చు, ఎంపిక మళ్ల చేసుకునే పని లేదు.

హన్మకొండ చెల్లె:
బాబాయ్, మాది షూట్ అయిపోయింది. ఆల్బమ్‌ల నా చీర రంగు ఇట్లనే మార్చుకోవచ్చునా?

కెమెరా బాబాయ్:
చెల్లె, మీ ఫొటోగ్రాఫర్‌నే అడుగు, రా ఫైల్ ఆయన దగ్గరుంటది. ఇక్కడి పద్ధతి తెల్ల బట్టకే. పట్టుచీర మీద ఏస్తే జరీ గూడ రంగు పట్టుకుంటది.

కాజీపేట కుర్రాడు:
చేసిన బాబాయ్. షాపుల పీచ్ లెహంగా ఫొటో తీసి అందులకెళ్లి రంగు తీసి ఏసిన. బట్ట బురద పట్టినట్టు కనిపిస్తున్నది. షాపుల అట్ల లేకుండె.

కెమెరా బాబాయ్:
నీడ రెండుసార్లు పడ్డది. కంప్యూటర్‌ల వెలుతురును 0 నుంచి 255 దాక లెక్కపెడతరు, 0 నలుపు, 255 పూర్తి తెలుపు. నీ ఫొటోల తెల్ల కుర్తా నిజంగ 255 ఉండదు, సాయంత్రం 200 దగ్గర ఉంటది. షాపు ఫొటోల గూడ వెలుతురు అంతే తక్కువ. రంగులో ఒక అంకె అసలు 230 ఉండాల్సింది ఆడ 180గా పడ్డదనుకో. Multiply లెక్క ఇదీ:

```
200 × 180 / 255 = 141
```

230 ఉండాల్సిన చోట 141 వస్తే బురదే గద.

కాబట్టి షాపుకు పోయినప్పుడు ఒక తెల్ల ఏ4 కాగితం పట్టుకపో. లెహంగాను గడప దాక తెమ్మని అడిగి, ఎండ నేరుగా పడని చోట, కాగితం పక్కన పెట్టి ఫొటో తియ్యి. లోపలి లైట్ల కింద తీస్తే పీచ్ గూడ నారింజ అయితది. పైగా ఫ్రేమ్ నిండా ఒకటే రంగు ఉంటే ఫోన్ దాన్ని సర్దెయ్యాలని చూస్తది, పక్కన కాగితం ఉంటే ఆ తప్పు నీ కంటికి దొరుకుతది. ఇంటికొచ్చినంక Levels ల ఆ కాగితం 245 దాక వచ్చేటట్టు పెంచి, అప్పుడు రంగు తీస్కో. ఖిలా ఫొటోల తెల్ల బట్టను గూడ 230 దాక పెంచు, మడతలు పోనియ్యకు. లాప్‌టాప్‌ల నైట్ లైట్ బంద్ పెట్టుడు మరువకు.

కుట్టుమిషన్ అక్క:
నెట్ గుడ్డ, ఆర్గంజా అయితే ఒట్టి గుడ్డ ఫొటో తీయకు తమ్ముడూ. లోపల ఏసే లైనింగ్ మీద పరిచి తియ్యి. అదే పీచ్ నెట్ తెల్ల లైనింగ్ మీద ఒక తీరు, గోల్డ్ లైనింగ్ మీద ఇంకో తీరు. నీ కుర్తాకైతే థాన్‌లకెళ్లి అరచేతంత ముక్క అడుగు, చాలామంది ఇస్తరు. మీటర్ల లెక్కన కోసినంక వాపసు తీసుకోరు.

కాజీపేట కుర్రాడు:
ఇప్పుడు సరిగ్గ వచ్చింది. కానీ ఇద్దరిదీ పీచ్ పెడితే ఏదో తేడా ఉన్నది, ఏందో చెప్పలేకపోతున్న. బాటిల్ గ్రీన్ గూడ ఏసి చూసిన.

కెమెరా బాబాయ్:
అన్నిటికన్న పైన ఒక Black & White లేయర్ పెట్టి చూడు. రంగు తీసేస్తే తేడా దొరుకుతది. నీ పీచ్, వెనుక సాయంత్రపు ఎండ పడ్డ రాయి, మీ ఇద్దరి ముఖాలు, అన్నీ ఒకే బూడిద రంగుకు వచ్చి ఉంటయి. ఎవరి అంచు ఏడ అయిపోతున్నదో తెల్వదు. బాటిల్ గ్రీన్ రాయి ముందట నిలబడతది గానీ కింద గడ్డి ఉంటది, లెహంగా కింది అంచు అందులో కలుస్తది.

ఒకరు రాయి కన్న ముదురు, ఒకరు రాయి కన్న లేత ఉండేటట్టు చూస్కో. లెహంగాకు వైన్, నీకు గంధం రంగు ఏసి చూడు. ఆమె వైన్ నీ కండువల సన్నంగ వస్తే జత కుదురుతది, మొత్తం ఒకటే రంగు ఏసుకునే పని లేదు. ఫొటోను ఫోన్‌ల బొటనవేలంత చిన్నగ చేసి చూడు. అప్పుడు గూడ ఇద్దరు వేర్వేరుగ కనిపిస్తే పాస్.

నెట్ సెంటర్ తమ్ముడు:
మరి డబుల్ షేడ్ పట్టు అయితే? నిలువు పోగు ఒక రంగు, అడ్డం పోగు ఇంకో రంగు ఉంటది గద.

కెమెరా బాబాయ్:
ఆడ ఈ పద్ధతి ఓడిపోతది తమ్ముడూ. కదిలినకొద్దీ మారే రంగును ఒక్క లేయర్‌ల చూపియ్యలేం. రెండు రంగులతోటి రెండు ఫొటోలు చేసి, నిజం ఆ రెండిట్ల నడుమ ఉంటదనుకోవాల్నంతే. ఇంకొకటి, ముదురు ఎరుపు, ముదురు పసుపు లాంటివి పక్కన నిలబడ్డోళ్ల గదవ కింద రంగు కొడతయి. అది గూడ ఇందులో కనిపించదు.

కుట్టుమిషన్ అక్క:
డబుల్ షేడ్ నేను ఒప్పుకోను బాబాయ్. రెండు ఫొటోలు చేసినా మోసమే. గుడ్డనే పట్టుకపోయి ఆడ ఎండల ఒకసారి తిప్పి చూసుడు మేలు.

కాజీపేట కుర్రాడు:
వైన్, గంధం బ్లాక్ అండ్ వైట్‌ల గూడ విడిగానే ఉన్నయి. ఆమెకు మాత్రం ఇంకా పీచ్ మీదనే మనసు. లెహంగా పీచ్ ఉంచి నా కుర్తా వైన్ చేస్తే?

కెమెరా బాబాయ్:
నువ్వు నిలబడతవు, ఆమె రాయిల కలుస్తది. అట్లనే కావాలంటే ఆమెను రాయికి దూరంగ, ఆమె వెనుక గడ్డి పడేటట్టు నిలబెట్టమని ఫొటోగ్రాఫర్‌కు చెప్పు. అదే ఫొటోను గడ్డి వైపు తిరిగి ఇంకోసారి తీసి, పీచ్ ఏసి ఆమెకే చూపియ్యి.